అడగాలా, అనుకోవాలా

శుక్రవారం మధ్యాహ్నం ఒకాయన ఫోన్లోని ఏఐ ఏజెంటుకు ఇలా చెప్పాడనుకుందాం: "రేపు పొద్దున సికింద్రాబాద్ నుంచి విజయవాడకు నాకో టికెట్ తియ్యి." బుకింగ్ కౌంటర్లో గుమాస్తాతో ఇంతే చెబితే ఆయన తలెత్తి, "స్లీపరా, ఏసీనా?" అని అడుగుతాడు. ఏజెంటు అడుగుతుందా, తనే ఏదో ఒకటి అనుకుని టికెట్ తీసేస్తుందా?

ఏజెంటు అంటే మాట్లాడి ఊరుకోకుండా పని కూడా చేసి పెట్టే ఏఐ. అందుకోసం దానికి కొన్ని టూల్స్ ఇస్తారు. ఓపెన్ఏఐ 2023 జూన్‌లో తన ఏపీఐలో 'ఫంక్షన్ కాలింగ్' ప్రవేశపెట్టాక ఈ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. ఒక్కో టూల్ ఒక దరఖాస్తు ఫారం లాంటిది. అందులోని గళ్లే పారామీటర్లు. మన ప్రయాణికుడి మాటలతో ఫారం నింపితే ఇంతవరకే వస్తుంది:

```json
{
  "from": "SC",
  "to": "BZA",
  "date": "శనివారం",
  "berth": "?",
  "class": "?",
  "quota": "?"
}
```

మూడు గళ్లు ఖాళీ. మూడూ ఒకేలాంటివి మాత్రం కావు.

బెర్త్ సంగతి ఏజెంటు అడగనక్కర్లేదు. 'ఏదైనా పర్వాలేదు' అని పెడితే రైల్వే కంప్యూటరే ఒకటి కేటాయిస్తుంది. తప్పినా పోయేది కాస్త సౌకర్యం. క్లాసు అలా కాదు, స్లీపర్‌కూ థర్డ్ ఏసీకీ ఛార్జీలో చాలా తేడా. ఆయన పాత టికెట్లన్నీ థర్డ్ ఏసీ అయితే అదే పెట్టవచ్చు, కానీ డబ్బు కట్టే ముందు ఆ సంగతి ఆయనకు చూపించాలి.

అసలు చిక్కు కోటాతో. మామూలుగా పెట్టే విలువ GN, అంటే జనరల్. అందులో వెయిటింగ్ లిస్టు కనిపిస్తే, ఎలాగైనా పని పూర్తి చేయాలని ఏజెంటు TQకి, అంటే తత్కాల్‌కి మారిపోవచ్చు. తత్కాల్‌కి అదనపు ఛార్జీ ఉంటుంది. పైగా కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్‌ను మనంతట మనం రద్దు చేసుకుంటే మామూలుగా రూపాయి కూడా వెనక్కి రాదు. ఈ ఒక్క గడి మాత్రం అడక్కుండా నింపకూడదు.

మరి ఏజెంటు ఎందుకు నింపేస్తుంది? లోపల ఉన్నది భాషా నమూనా. తర్వాత ఏ ముక్క వస్తే సరిపోతుందో ఊహించి రాయడమే దాని పని. ఫారంలో ఒక గడిని `required` అని గుర్తు పెడితే, దానికి అర్థమయ్యేది 'ఇది ఖాళీగా ఉండకూడదు' అనే. 'తెలియకపోతే మనిషిని అడుగు' అని ఆ మాటలో ఎక్కడా లేదు. టూల్ తయారుచేసేవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. అడగాల్సిన గడి పక్కన, యూజర్ చెప్పకపోతే అడగమని విడిగా రాయాలి. డిఫాల్ట్ ఉన్న గడిని తప్పనిసరి జాబితాలోంచి తీసేసి, ఆ విలువను ప్రోగ్రాములోనే పెట్టాలి. అప్పుడు దాన్ని ఊహించే పని నమూనాకు ఉండదు.

బర్క్‌లీ విశ్వవిద్యాలయం పరిశోధకులు నడిపే ఫంక్షన్ కాలింగ్ లీడర్‌బోర్డు మూడో వెర్షన్‌లో దీనికోసమే ఒక పరీక్ష ఉంది. కావలసిన వివరాన్ని కావాలనే దాచిపెట్టి, నమూనా అది లేదని గుర్తిస్తుందా, తోచింది నింపేస్తుందా అని చూస్తారు.

నిండినట్టు కనిపించే గడి ఇంకా ప్రమాదం. పై మాటలే ఆయన రాత్రి పన్నెండున్నరకు చెప్పి ఉంటే? క్యాలెండర్ ప్రకారం శనివారం వచ్చేసింది కాబట్టి 'రేపు' అంటే ఆదివారం. ఇంకా పడుకోని మనిషికి మాత్రం 'రేపు పొద్దున' అంటే కాసేపట్లో తెల్లవారబోయే శనివారమే. ఇక్కడ వివరం లేకపోవడం కాదు, రెండు అర్థాలున్నాయి. ఇలాంటి చోట ఏజెంటుకు అనుమానమే రాదు, అందుకే అడగదు.

తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడానికి సులువైన దారి లాగ్ చూడడం. పంపిన ఫారంలో ప్రతి విలువకూ ఒక పుట్టిల్లు ఉండాలి: యూజర్ మాట, అంతకుముందు టూల్ ఇచ్చిన జవాబు, లేదా ముందే ప్రకటించిన డిఫాల్ట్. ఈ మూడింటిలో దేనికీ చెందని విలువ కనబడితే అది నమూనా అల్లుకున్నదే.

అలాగని గడికో ప్రశ్న వేస్తే మనిషి విసిగిపోయి తనే టికెట్ తీసుకుంటాడు. వెతకడానికి ఖర్చు లేదు, చెరిగిపోయేదీ లేదు. కాబట్టి మంచి ఏజెంటు ముందు అన్ని క్లాసుల్లోనూ ఖాళీలు వెతుకుతుంది. థర్డ్ ఏసీ జనరల్‌లో వెయిటింగ్ ఉందనీ, తత్కాల్‌లో దొరుకుతుంది కానీ రద్దు చేస్తే డబ్బు రాదనీ, చైర్ కార్‌లో సీట్లున్నాయనీ ఒక్కసారే చూపించి ఏది కావాలని అడుగుతుంది. బెర్త్ ఊసెత్తదు.

"తత్కాల్ ఎందుకు, కూర్చునే వెళ్తాను" అంటాడాయన. పాత టికెట్లన్నీ థర్డ్ ఏసీయే అయినా, ఈసారి ఫారంలో CC, GN పడతాయి.