అరవై ఏడు శాతం అయిపోయిందట!

మా డీసీ మీటింగ్‌కి, అంటే డాక్టరల్ కమిటీ ముందుకి, నేను పట్టుకెళ్లిన మొదటి ప్రోగ్రెస్ రిపోర్టులో "ప్రయోగాలు 67 శాతం పూర్తయ్యాయి" అని గర్వంగా రాశాను. లెక్క తప్పు కాదు. కాంక్రీటులో సిమెంటు బదులు 0, 15, 25, 35 శాతం ఫ్లై యాష్ కలిపి నాలుగు మిక్సులు. 28, 90, 180 రోజులకి మూడేసి క్యూబ్స్. మొత్తం 36. వాటిలో 24 పగలగొట్టేశాను మరి.

కమిటీలో ఒక మేడం టేబుల్ చూసి అడిగారు: "ఈ 90 రోజుల క్యూబ్స్ పోసిందెప్పుడు, టెస్ట్ చేసిందెప్పుడు?"

నా నోరు ఎండిపోయింది. కంప్రెషన్ మెషిన్ పాడై ఏడు వారాలు రిపేర్‌లో ఉంది. అది బాగయ్యేసరికి నా క్యూబ్స్ వయసు 131 రోజులు. వాటి ఫలితాలే 90 రోజుల వరసలో పెట్టేశాను. ఆ నలభై రోజులకి ఏమవుతుందిలే అనుకున్నా.

అయ్యేదే చాలా ఉంది. ఫ్లై యాష్ మెల్లగా పనిచేస్తుంది. సిమెంటు నీటితో కలిసినప్పుడు వచ్చే సున్నంతో అది చర్య జరపాలి, అందుకే 28 రోజులకి వెనకబడి తర్వాత పుంజుకుంటుంది. ఆ అదనపు రోజుల్లో మామూలు మిక్స్ కంటే 35 శాతం మిక్సే ఎక్కువ లాభపడుతుంది. అంటే నా ఆలస్యం నేను నిరూపించాలనుకున్న వైపుకే తక్కెడని వంచింది!

రిపోర్టు తిరగరాయమన్నారు. ఈసారి శాతాలు తీసేశాను. "28 రోజుల క్యూబ్స్ 12 పూర్తి. 90 రోజులవి చెయ్యలేకపోయాం, మెషిన్ రిపేర్ కారణం. ఆ 12 క్యూబ్స్‌ని 131 రోజులకి టెస్ట్ చేశాం, ఆ పేరుతోనే విడి వరసలో ఇచ్చాం. 180 రోజులవి 12 క్యూరింగ్ ట్యాంకులో ఉన్నాయి."

కొత్త ప్లాన్ దగ్గర అసలు తంటా. క్యూరింగ్‌ని ఎవరూ తొందరపెట్టలేరు. రాత్రీ పగలూ ల్యాబ్‌లో కూర్చున్నా 90 రోజులంటే 90 రోజులే. పైగా పాత ఫ్లై యాష్ అయిపోయింది. కొత్త లాట్ మెత్తదనం వేరుగా ఉండొచ్చు. అందుకని 90 రోజులవి మాత్రమే కాకుండా 28 రోజులవి కూడా మళ్లీ పోయాలి, మొత్తం 24. కొత్త 28 రోజుల బలం పాతదానికి దగ్గరగా వస్తేనే రెండు లాట్లనీ ఒకే గ్రాఫ్‌లో పెట్టగలను. పోయడం, టెస్ట్ చెయ్యడం కలిపి దాదాపు మూడున్నర నెలలు.

ఆ సమయం ఎక్కణ్నుంచో రావాలిగా? క్లోరైడ్ పరీక్ష నాలుగు మిక్సులకి చేస్తానన్నది 0, 35 శాతాలకే కుదించాను. మధ్యలో ఉన్న 15, 25 గురించి థీసిస్‌లో ఏమీ చెప్పలేను, ఆ మాటా రాశాను. సార్ అది చదివి కాస్త ఇబ్బందిపడ్డారు గానీ సంతకం పెట్టారు.

కమిటీ ఒక్కటే చేర్చింది: మెషిన్ మళ్లీ మొరాయిస్తే ఎక్కడ టెస్ట్ చేస్తావో ఇప్పుడే రాయమని. పక్క కాలేజీ ల్యాబ్‌కి ఉత్తరం పెట్టాను. 180 రోజుల క్యూబ్స్‌కి ఇంకా నెల ఉంది.