ఖాళీ చేసిన ఇంటి అద్దె ఎవరు కట్టాలి?

ముంబైలో పాత అపార్ట్‌మెంట్‌ను కూల్చి కొత్తది కట్టే బిల్డర్ సాధారణంగా సొసైటీ నుంచి డబ్బు తీసుకోడు. ఆ స్థలంలో అదనంగా కట్టడానికి దొరికే ఫ్లాట్లను బయటివాళ్లకు అమ్ముకుని, ఆ రాబడితోనే పాత సభ్యులకు కొత్త ఇళ్లు కట్టిస్తాడు. ఇళ్లు సిద్ధమయ్యే దాకా వాళ్లు బయట ఉండటానికి అద్దె కూడా ఇస్తాడు. దీన్నే ట్రాన్సిట్ రెంట్ అంటారు. అంటే అమ్మకాలు మందగించాయంటే ఆ దెబ్బ సభ్యుడి అద్దె చెక్కు మీద కూడా పడుతుంది.

అందుకే మహారాష్ట్ర ప్రభుత్వం సహకార సంఘాల చట్టంలోని 79ఎ సెక్షన్ కింద 2009లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2019 జులైలో వాటిని సవరించింది. వీటి ప్రకారం రీడెవలప్‌మెంట్ నిర్ణయం సర్వసభ్య సమావేశంలోనే జరగాలి. మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది హాజరైతేనే కోరం. మొత్తం సభ్యుల్లో కనీసం 51 శాతం ఒప్పుకోవాలి. 24 ఫ్లాట్ల సొసైటీని తీసుకుంటే 16 మంది రావాలి, 13 మంది సరే అనాలి. వచ్చినవాళ్లలో సగం చాలదు. బిల్డర్‌ను ఎంచుకునే సమావేశానికి రిజిస్ట్రార్ తరఫు అధికారి హాజరు కావాలి, వీడియో కూడా తీయాలి. ఇవన్నీ సక్రమంగా జరిగాక ఒకరిద్దరు ఖాళీ చేయమని మొండికేస్తే బాంబే హైకోర్టు సాధారణంగా మెజారిటీ పక్షానే నిలిచింది. కోర్టు రిసీవర్ ద్వారా ఫ్లాట్లు ఖాళీ చేయించిన సందర్భాలూ ఉన్నాయి.

సమ్మతి తేలిగ్గానే కుదరవచ్చు. చిక్కంతా ఒప్పందంలో ఉంటుంది. పై ఉదాహరణనే కొనసాగిస్తే, ఒక్కో ఇంటికి నెలకు 40,000 రూపాయల అద్దె, ఏటా పది శాతం పెంపు రాసుకున్నారనుకుందాం. మొదటి ఏడాది బిల్డర్‌కు అయ్యే ఖర్చు సుమారు కోటీ 15 లక్షలు. కట్టడం రెండేళ్లలో పూర్తయితే సరే. మూడో ఏడాదిలో పడితే నెల అద్దె 48,400 అవుతుంది, అంటే 24 ఇళ్లకు నెలనెలా 11 లక్షల 60 వేలకు పైగా. అమ్మకాలు లేని బిల్డర్ మొదట ఆపేది ఈ చెల్లింపునే. చెక్కు ఒక నెల ఆలస్యంగా రావడం, తర్వాత బ్యాంకులో బౌన్స్ కావడం, సైటులో కూలీలు తగ్గిపోవడం ఈ వరుసలోనే కనిపిస్తాయి. మొదటి చెక్కు తిరిగి వచ్చిన రోజే సొసైటీ లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆరు నెలలు ఓపిక పట్టడం వల్ల బకాయి పెరుగుతుందే తప్ప ఇల్లు లేవదు.

ఇలాంటి రోజు కోసమే మార్గదర్శకాలు ప్రాజెక్టు వ్యయంలో 20 శాతానికి బ్యాంకు గ్యారంటీ కోరాయి. వ్యయం 30 కోట్లయితే గ్యారంటీ 6 కోట్లు. బేరసారాల్లో సొసైటీలు తరచూ వదులుకునేది కూడా దీన్నే. నాలుగు చదరపు అడుగులు ఎక్కువ వస్తాయని, షిఫ్టింగ్ ఖర్చు పెంచుతామని చెప్పి ఈ షరతును తగ్గించమంటారు. అది నష్టపోయే బేరం. కార్పెట్ ఏరియా ఎంతో రాయించుకోవడం, హక్కులు మరో బిల్డర్‌కు బదలాయించకుండా నిషేధించడం, గడువు దాటితే జరిమానా వేయడం కూడా ఒప్పందంలో ఉండాలి. దాన్ని రిజిస్టర్ చేయించాలి. అద్దె మాత్రం "24 నెలల వరకు" అని కాకుండా "ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌తో ఇల్లు అప్పగించే వరకు" అని రాయించుకోవాలి. గడువు దాటాక సభ్యుడు వీధిన పడేదీ పడనిదీ ఈ మాటే తేలుస్తుంది.

ఈ జాగ్రత్తలు కొరవడితే ఏమవుతుందో గోరేగావ్‌లోని పత్రా చాల్ చూపింది. అక్కడివాళ్లు మ్హాడా అద్దెదారులు. 672 కుటుంబాల పునర్నిర్మాణానికి 2008లో ఒప్పందం జరిగింది. వాళ్లు ఖాళీ చేశాక పని ఆగింది, అద్దె కూడా ఆగింది. ఏళ్ల తరబడి సొంత జేబు నుంచే బయటి ఇళ్లకు అద్దెలు కట్టుకున్నారు.

హైదరాబాద్, విజయవాడల్లో లెక్క వేరు. ముంబై సొసైటీల్లో స్థలం సాధారణంగా సొసైటీ పేరిట ఉంటుంది. ఇక్కడ ఒక్కో ఫ్లాటు యజమానికి భూమిలో అవిభాజ్య వాటా విడిగా రిజిస్టరై ఉంటుంది. కాబట్టి డెవలప్‌మెంట్ ఒప్పందంపై ఆచరణలో ప్రతి యజమాని సంతకమూ కావాలి. విదేశాల్లో ఉన్న యజమాని పవర్ ఆఫ్ అటార్నీ, చనిపోయిన యజమాని వారసుల కాగితాలు, బ్యాంకు తాకట్టులో ఉన్న ఫ్లాట్లు, వీటి దగ్గరే నెలలు గడిచిపోతాయి. తమిళనాడు మాత్రం 2022 నాటి అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టంలో మూడింట రెండు వంతుల సమ్మతి చాలని రాసుకుంది.

ఏ ఊళ్లోనైనా ఒక క్రమం మారకూడదు. ముందు ఒప్పందం రిజిస్టర్ కావాలి. తర్వాత బ్యాంకు గ్యారంటీ సొసైటీ చేతికి రావాలి, నిర్మాణానికి అవసరమైన అనుమతులు అందాలి, మొదటి విడత అద్దె చెక్కులు చేతిలో పడాలి. ఆ తర్వాతే తాళం ఇవ్వాలి.