గదికో థర్మోస్టాట్

జర్మనీలో చలికాలపు తొలి వారాల్లో అద్దె ఇళ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు ఇది: హాల్లో రేడియేటర్ కాలుతోంది, పడకగదిలోది మంచులా ఉంది. బాయిలర్ రెండింటికీ ఒకే వేడినీళ్లు పంపుతుంది. తేడా ఎక్కువసార్లు రేడియేటర్ పక్కనున్న థర్మోస్టాట్ వాల్వ్‌లో ఉంటుంది.

1 నుంచి 5 దాకా అంకెలున్న ఆ గుండ్రటి తలలో ద్రవమో, మైనమో నింపిన చిన్న డబ్బీ ఉంటుంది. గది వేడెక్కేకొద్దీ అది వ్యాకోచించి, వాల్వ్‌లోని సన్నటి పిన్నును లోపలికి నొక్కుతుంది, నీటిదారి ఇరుకవుతుంది. గది చల్లబడితే డబ్బీ ముడుచుకుంటుంది, స్ప్రింగ్ పిన్నును బయటికి తోస్తుంది, దారి తెరుచుకుంటుంది. దీనికి కరెంటు అక్కర్లేదు. 3 మీద పెడితే గది సుమారు 20 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. 5 మీద పెడితే త్వరగా వేడెక్కుతుందనుకుంటారు చాలామంది, మన పిల్లలూ అంతే. చల్లటి గదిలో 3 మీదైనా వాల్వ్ పూర్తిగానే తెరుచుకుంటుంది. 5 అంటే ఆగే చోటు మారుతుంది, అంతే. తలను మందపాటి పరదా కప్పేస్తే అది పరదా వెనుక చేరిన వేడినే కొలిచి, గది చల్లగా ఉండగానే వాల్వ్ మూసేస్తుంది.

మరి పడకగది సంగతి? వేసవంతా వాల్వ్ మూసే ఉంటే, పిన్ను నెలల తరబడి లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. సున్నపు పొర పట్టి పిన్ను బిగుసుకుపోవచ్చు, లోపలి రబ్బరు బిళ్ల దాని గద్దెకు అతుక్కుపోవచ్చు. అప్పుడు స్ప్రింగ్ బలం చాలదు. తలను 5కి తిప్పి, దాని కింది బిగింపు విప్పి తీస్తే పిన్ను కనిపిస్తుంది. చెక్కముక్కతో నెమ్మదిగా నొక్కి వదిలితే అది రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి వెళ్లి తిరిగి బయటికి రావాలి. కదలకపోతే పదే పదే సున్నితంగా తట్టండి, సాధారణంగా వదులవుతుంది. పట్టకారుతో మాత్రం లాగకండి. పిన్ను ఊడివస్తే వేడినీళ్లు చిమ్ముతాయి.

రేడియేటర్ ఎప్పుడూ కాలుతూ ఉంటే పరీక్ష ఇంకో రకం. తల తీసి పిన్నును వేలితోనో చెక్కతోనో నొక్కి పట్టుకోండి. కాసేపటికి రేడియేటర్ చల్లారితే వాల్వ్ బాగానే ఉంది, తల పాడైంది: డబ్బీలోని ద్రవం కారిపోయి నొక్కే బలం పోయింది. కొత్త తల బిగిస్తే చాలు. నొక్కినా వేడి తగ్గకపోతే గద్దె మీద తుప్పు రేణువో మడ్డో చిక్కింది, లేదా రబ్బరు అరిగింది. అది ప్లంబర్ పని; అద్దె ఇల్లయితే యజమానికి చెప్పాలి.

వేసవిలో వాల్వ్‌ను 5 మీద వదిలేస్తే, బాయిలర్ వేడినీళ్లు పంపనంతవరకు గది వేడెక్కదు, పిన్ను కూడా నొక్కుడు పడకుండా ఉంటుంది.