బండి కింద మిగిలే జాగా

గట్టి వాన ఒక్కటి పడితే చాలు, పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల పల్లపు రోడ్ల మీదా, జ్ఞానాపురం దారిలో చావులమదుం రైలు వంతెన కిందా నీళ్లు నిలిచిపోతాయి. ఆ నీటి అడుగున గొయ్యి ఉందో, విరిగిన కాలువ పలక ఉందో పైకి తెలియదు. ఇలాంటి దారిలో రోజూ తిరగడానికి కారు కొనేవాళ్లు షోరూంలో మొదట అడిగేది గ్రౌండ్ క్లియరెన్స్ ఎంత అనే. అడగాల్సిందే. కాకపోతే అక్కడ చెప్పే అంకె చాలాసార్లు ఖాళీ బండిది.

బరువెక్కితే ఆ అంకె ఎంతకు దిగుతుందో ఓ లెక్క వేసి చూద్దాం. క్లియరెన్స్ 165 మిల్లీమీటర్లున్న చిన్న కారు తీసుకోండి. మనిషికి 65 కిలోల చొప్పున నలుగురు, డిక్కీలో మార్కెట్ నుంచి తెచ్చిన 40 కిలోల కూరగాయలు. మొత్తం 300 కిలోలు. వెనక సీటు, డిక్కీ బరువు ఎక్కువగా వెనక చక్రాల మీదే పడుతుంది కనుక 200 కిలోలు వెనక్కి, 100 కిలోలు ముందుకి అనుకుందాం. చిన్న కార్ల స్ప్రింగు ఒక మిల్లీమీటరు అణగడానికి సుమారు రెండు కిలోల బరువు కావాలి. రెండు స్ప్రింగులకు కలిపి నాలుగు కిలోలు. అంటే బండి వెనక 50, ముందు 25 మిల్లీమీటర్లు దిగుతుంది. నడుమ భాగంలో మిగిలే జాగా 125 దాకా ఉంటుంది.

ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ దగ్గరికి వద్దాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ప్రకారం అది 3.7 మీటర్ల పొడవున, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తుతో వాలుగా ఉండాలి. దాని నడిమధ్యకు వచ్చేసరికి కారు నాలుగు చక్రాలూ ఆ వాలు మీదే ఉంటాయి, బండి మొత్తం పైకి లేస్తుంది. అందుకని కింద 45 మిల్లీమీటర్ల జాగా ఉన్నా సరిపోతుంది. వీధుల్లో ఎవరికి వారు సిమెంటుతో పోసుకున్న దిమ్మ అలా కాదు. ఎత్తు అంతే అయినా వెడల్పు జానెడో మూరెడో. ముందు చక్రాలు దాటి దిగిపోయాక, వెనకవి ఇంకా ఎక్కకముందు, దిమ్మ సరిగ్గా బండి కడుపు కిందకు వస్తుంది. అప్పుడు మనకున్న 125లో మిగిలేది 25 మాత్రమే.

ఆ 25ను కాపాడేవి షాక్ అబ్జార్బర్లు. బరువు మోసేది స్ప్రింగు; దాని ఊపును ఆపేది షాక్ అబ్జార్బరు. ముందు చక్రాలు దిమ్మ దిగగానే బండి ముక్కు కిందకు ఊగుతుంది. షాకులు బాగుంటే ఆ ఊపు వెంటనే ఆగుతుంది. ఆయిల్ కారిపోయినవైతే రెండు మూడుసార్లు ఊగి, అడుగు తగిలేస్తుంది. దిమ్మ మీదకు వచ్చాక కూడా బ్రేకు తొక్కే ఉంచితే ముక్కు ఇంకా దిగుతుంది. అందుకే వేగం ముందే తగ్గించి, ఎక్కే క్షణానికి బ్రేకు వదిలేయాలి. ఎక్కువగా దెబ్బ తినేది ఇంజిన్ కింది ఆయిల్ చాంబర్. అది లోపలికి నొక్కుకుపోతే ఆయిల్ సరిగా అందదు. డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే మెకానిక్ దాకా నడుపుకుని వెళ్లొద్దు, అక్కడే ఇంజిన్ ఆపేయాలి.

స్ప్రింగుల దగ్గర స్పేసర్లు వేసి బండి ఎత్తించుకునేవాళ్లున్నారు. నేనైతే వద్దంటాను. స్ప్రింగు మారదు కనుక బరువెక్కితే అంతే దిగుతుంది. చక్రం గోతిలోకి సాగడానికి ఉండాల్సిన జాగా తగ్గుతుంది. డ్రైవ్ షాఫ్ట్ వాలు పెరిగి, దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు కారిపోతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టకటకమని శబ్దం వస్తే ఆ జాయింటు అరిగిందని గుర్తు. దానికన్నా కొనేముందే ఇంట్లోవాళ్లను నలుగురినీ ఎక్కించుకుని టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లడం, ఎక్కకముందూ ఎక్కాకా టేపు పెట్టి కొలవడం మేలు.

నీటి సంగతి వేరు. టాటా పంచ్‌కు కంపెనీ చెప్పిన క్లియరెన్స్ 187 మిల్లీమీటర్లు, దాటగల నీటి లోతు 370. ఈ రెండో అంకె ముఖ్యంగా ఇంజిన్ గాలి పీల్చే గొట్టం ఎత్తును బట్టి ఉంటుంది. బానెట్ తెరిచి ఆ గొట్టం మూతి ఎక్కడుందో చూసుకోండి. బండి ముందు లేచే అల నిలిచిన నీటికన్నా ఎత్తుగా ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. పైగా నీరు కారు అడుగును దాటిన ప్రతి 10 సెంటీమీటర్లకూ రమారమి 450 కిలోల బరువును పైకి నెడుతుంది. మనుషులతో కలిపి 1,200 కిలోలున్న చిన్న కారు, లోపలికి నీరు చేరకముందే, అడుగు మీద 27 సెంటీమీటర్ల నీటికి తేలిపోగలదు. అంతకు చాలా ముందే టైర్లకు పట్టు పోతుంది. పారే నీటిలో ఇది మరీ ప్రమాదం.

నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ తాళం తిప్పొద్దు. సిలిండర్‌లో చేరిన నీరు గాలిలా నొక్కుకోదు. పిస్టన్ దాన్ని గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి బండిని తోయించి గట్టుకు చేర్చాలి. ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూసి, స్పార్క్ ప్లగ్గులు విప్పి నీరు తీయించాకే స్టార్ట్ చేయాలి.