ఒకే దుకాణం, రెండు శనివారాలు

గుంటూరు నుంచి ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్మే దుకాణం ఒకటి ఉందనుకుందాం. ప్రకటనలు గూగుల్ యాడ్స్‌లో నడుస్తాయి. సైటుకి వచ్చినవాళ్లు ఏం చూశారు, ఏం కొన్నారు అన్నది గూగుల్ అనలిటిక్స్ లెక్కగడుతుంది. సోమవారం సాయంత్రం యజమాని రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టారు. ప్రకటనల ద్వారా వచ్చిన ఆర్డర్లు శుక్ర, శని, ఆదివారాల్లో వరుసగా 30, 60, 55 అని యాడ్స్ చెబుతోంది. అనలిటిక్స్ మాత్రం 32, 78, 33 అంటోంది.

ఇందులో ఏదీ తప్పు లెక్క కాదు. ప్రతి ఆర్డరూ ఏ క్షణంలో వచ్చిందో రెండు చోట్లా సరిగానే నమోదవుతుంది. తేడా ఆ తర్వాత వస్తుంది. ఆ క్షణాన్ని ఏ రోజు ఖాతాలో వేయాలన్నది ఎవరి సెట్టింగ్‌లో ఉన్న టైమ్ జోన్‌ను బట్టి వాళ్లు తేల్చుకుంటారు. కొన్నవాళ్లు డాలస్‌లో ఉన్నా తెనాలిలో ఉన్నా దానితో నిమిత్తం లేదు. ఈ దుకాణం యాడ్స్ ఖాతా భారత సమయంలో ఉంది. అనలిటిక్స్‌ను పెట్టుకున్న రోజున మాత్రం అందులో లాస్ ఏంజెలిస్ సమయాన్ని ఎవరూ మార్చకుండా వదిలేశారు.

వేసవి కాలమానం నడిచే నెలల్లో లాస్ ఏంజెలిస్ మనకంటే పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ అర్ధరాత్రి దాటేసరికి మనకు మధ్యాహ్నం 12:30. కాబట్టి అనలిటిక్స్ దృష్టిలో శనివారమంటే మన శనివారం మధ్యాహ్నం 12:30 నుంచి ఆదివారం మధ్యాహ్నం 12:30 దాకా.

ఇప్పుడు ఆర్డర్లను విడదీసి చూద్దాం. మన శనివారం 60 ఆర్డర్లలో 12 మధ్యాహ్నం 12:30 లోపే వచ్చాయి. అవి అనలిటిక్స్‌లో శుక్రవారం కిందికి పోయాయి. మిగిలిన 48కి ఆదివారం పొద్దున వచ్చిన 30 కలిసి అక్కడి శనివారం 78 అయింది. మన ఆదివారంలో మిగిలిన 25కి సోమవారం పొద్దుటి 8 కలిసి 33. మూడు రోజుల మొత్తం మాత్రం 145, 143. దాదాపు ఒకటే. శుక్రవారం పొద్దుటి 10 గురువారంలోకి జారిపోవడం, సోమవారం పొద్దుటి 8 వచ్చి చేరడం, తేడా అంతా ఆ రెండు కొసల్లోనే ఉంది.

అంకెలు కలవకపోవడం వల్ల పెద్ద నష్టమేమీ లేదు. ఖర్చు ఒక చోటి నుంచి, ఆర్డర్లు ఇంకో చోటి నుంచి తీసుకుని భాగించినప్పుడే నష్టం. శనివారం ప్రకటనలకు 6,000 రూపాయలు, ఆదివారం 5,500 అయ్యాయనుకోండి. నిజానికి రెండు రోజులూ ఒక్కో ఆర్డరుకు పడ్డది 100 రూపాయలే. అదే అనలిటిక్స్ ఆర్డర్లతో భాగిస్తే శనివారం 77, ఆదివారం 167 వస్తుంది. అది చూసి ఆదివారం ప్రకటనలు ఆపేస్తే, బాగా నడుస్తున్న రోజును చేజేతులా పోగొట్టుకున్నట్టే.

జబ్బు టైమ్ జోన్‌దేనా అని తేల్చుకోవడానికి ఒక ఆనవాలుంది. టైమ్ జోన్ తేడా అయితే ఒక రోజు ఇటు ఎక్కువ, మరో రోజు అటు ఎక్కువ. నెల మొత్తం వేసుకుంటే తేడా చిన్నదైపోతుంది. అలా కాకుండా రోజూ ఒకే వైపు తగ్గుతూ, నెలాఖరుకు లోటు పెరుగుతూ పోతే మాత్రం కొన్ని ఆర్డర్లు అసలు నమోదే కావడం లేదేమో చూడాలి. గంటలవారీ రిపోర్టు కూడా గుట్టు విప్పుతుంది. మన రాత్రి 9 గంటల రద్దీ అనలిటిక్స్‌లో ఉదయం ఎనిమిదిన్నర దగ్గర కనిపిస్తుంది. ఇంకో చిక్కేమంటే నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. ఇక్కడ ఎవరూ ఏ సెట్టింగూ ముట్టుకోకపోయినా ఆ రోజు నుంచి కోత మధ్యాహ్నం 1:30కి పడుతుంది.

సరిచేయడానికి అనలిటిక్స్ వైపే తేలిక. Admin లో Property details తెరిచి Reporting time zone ను భారత సమయానికి మార్చాలి. ఆ మార్పు ఇకముందు వచ్చే లెక్కకే వర్తిస్తుంది, పాతది పాతగానే ఉంటుంది. మార్చిన రోజున గడియారం ఒక్కసారిగా ముందుకు దూకుతుంది కాబట్టి ఆ చుట్టుపక్కల గ్రాఫులో పల్లం కనిపించవచ్చు. అందుకే ఆ తేదీని ఎక్కడైనా రాసిపెట్టుకోవాలి. పాత నెలలను పోల్చాలంటే రోజులవారీగా కాక నెల మొత్తాలతో పోల్చుకోవాలి.

ఇంత చేసినా అంకెలు అచ్చంగా కలుస్తాయని ఆశించకూడదు. శుక్రవారం ప్రకటన నొక్కి, సోమవారం కొన్నవాళ్లుంటారు. మామూలుగా చూసే కన్వర్షన్ల లెక్కలో యాడ్స్ ఆ ఆర్డరును నొక్కిన శుక్రవారం కింద వేస్తుంది, అనలిటిక్స్ కొన్న సోమవారం కింద వేస్తుంది. కాబట్టి ప్రకటన ఖర్చును యాడ్స్ ఆర్డర్లతోనే భాగించండి. అనలిటిక్స్‌ను మాత్రం వచ్చినవాళ్లు సైటులో ఎక్కడ ఆగిపోతున్నారో చూసుకోవడానికి వాడండి.