ఫోన్ ఫొటోలు: కేబుల్ దారి, క్లౌడ్ దారి

రెండేళ్ల పిల్లాడికి నాయనమ్మ స్నానం చేయిస్తున్న ఫొటో చాలా ఇళ్ల ఆల్బమ్‌లలో ఉంటుంది. గుజరాత్‌లో ఒక కంప్యూటర్ ఇంజినీరు తన పసితనపు ఫొటో అలాంటిదే ఒకటి గూగుల్ డ్రైవ్‌లో దాచుకున్నారు. పిల్లలపై అకృత్యాలకు సంబంధించిన ఫొటో అనే అనుమానంతో కంపెనీ ఆయన ఖాతాను మూసేసింది. ఆ ఒక్క ఫొటోతో ఆగలేదు, మెయిళ్లు కూడా అందకుండా పోయాయి. ఎన్ని చోట్ల మొరపెట్టుకున్నా పని జరగక ఆయన హైకోర్టు మెట్లెక్కారు. 2024 మార్చిలో గుజరాత్ హైకోర్టు గూగుల్‌కు, ప్రభుత్వాలకు నోటీసులిచ్చింది.

సొంత ఖాతాలో, ఎవరికీ పంపకుండా దాచుకున్న ఫొటో కంపెనీకి ఎలా కనిపించింది? ఫోన్ నుంచి ఫొటో గూగుల్ సర్వర్‌కు వెళ్లేటప్పుడు, అక్కడ నిల్వ ఉన్నప్పుడు గుప్తలిపిలోనే ఉంటుంది. దారిలో దొంగ కాజేసినా చదవలేడు. అయితే ఆ లిపిని విప్పే తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది. అందుకే ఫొటోలో ఎవరి ముఖం ఉందో గుర్తుపట్టి వేరు చేయగలదు, ‘సముద్రం’ అని వెతికితే బీచ్ ఫొటోలు చూపగలదు, నిషిద్ధ చిత్రాల కోసం జల్లెడ పట్టనూ గలదు. మనకు నచ్చే సౌకర్యమూ మనల్ని భయపెట్టే నిఘా కూడా ఆ తాళంచెవి నుంచే వచ్చాయి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఆపిల్ 2022 చివర్లో ‘Advanced Data Protection’ అనే ఏర్పాటు తెచ్చింది. అది ఆన్ చేస్తే ఐక్లౌడ్ ఫొటోల తాళంచెవి వినియోగదారు పరికరాల్లోనే ఉంటుంది, కంపెనీ కూడా తెరవలేదు. పాస్‌వర్డూ రికవరీ కీ రెండూ పోగొట్టుకుంటే మాత్రం ఆ ఫొటోలను ఆపిల్ కూడా తిరిగి ఇవ్వలేదు. ఈ ఏర్పాటు దానంతట అది ఆన్ కాదు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎంచుకోవాలి.

కేబుల్ దారిలో మధ్యలో ఏ కంపెనీ ఉండదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపితే మొదట ఛార్జింగ్ మాత్రమే మొదలవుతుంది. ఫోన్ తెరను పైనుంచి కిందికి లాగి, యూఎస్‌బీ నోటిఫికేషన్ నొక్కి, ‘File transfer’ ఎంచుకోవాలి. ఆ వరుసే కనిపించకపోతే చాలాసార్లు తప్పు కేబుల్‌ది. కొన్ని చవక కేబుళ్లలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. కెమెరా ఫొటోలు DCIM ఫోల్డర్‌లో ఉంటాయి. వాట్సాప్‌లో వచ్చినవి Android/media/com.whatsapp కింద వేరుగా ఉంటాయి కాబట్టి, DCIM ఒక్కటే కాపీ చేసుకున్నవాళ్లకు బంధువులు పంపిన పెళ్లి ఫొటోలు చేరవు.

ఇక్కడ కట్ చేసి పేస్ట్ చేయడం ప్రమాదకరం. మధ్యలో కేబుల్ కదిలితే ఫైలు సగంలో తెగిపోవచ్చు. ముందు కాపీ చేయాలి, రెండు వైపులా ఫైళ్ల సంఖ్య సరిపోయిందో లేదో చూడాలి, పెద్ద వీడియోలు రెండు మూడు తెరిచి చివరిదాకా ఆడుతున్నాయని తేల్చుకోవాలి. ఆ తర్వాతే ఫోన్‌లో తుడవాలి.

కేబుల్ వాడాం కాబట్టి క్లౌడ్‌తో సంబంధం లేదనుకోవడం మాత్రం తొందరపాటు. కొత్త విండోస్ లాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు చాలాసార్లు Desktop, Documents, Pictures ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌తో ముడిపడిపోతాయి. కేబుల్‌తో Pictures లోకి దించిన ఫొటోలు అటునుంచి అటే మైక్రోసాఫ్ట్ సర్వర్‌కు బయలుదేరతాయి. అక్కడ ఉచితంగా దొరికేది 5 జీబీ కాబట్టి కాసేపటికే ‘నిండిపోయింది, కొనండి’ అనే సందేశం వస్తుంది. ఫోల్డర్ చిరునామాలో OneDrive అనే మాట ఉన్నా, ఫైళ్ల పక్కన చిన్న మేఘం గుర్తు కనిపించినా విషయం అదే. D డ్రైవ్ ఉంటే అందులో, లేకపోతే C డ్రైవ్‌లోనే విడిగా ఒక ఫోల్డర్ తయారుచేసుకుని అక్కడికి దించితే ఈ చిక్కు ఉండదు.

ఇక ఖర్చు. 60 జీబీ ఫొటోలు, వీడియోలు ఉన్న ఒక టీచరు ఫోన్‌ను లెక్కకు తీసుకుందాం. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ సర్దుకోవాలి. 2021 జూన్ 1కి ముందు సైజు తగ్గించిన ఫొటోలకు లెక్క లేదు, ఆ తర్వాత ఎక్కించేవన్నీ లెక్కలోకి వచ్చాయి. కోటా నిండితే కొత్త మెయిళ్లు రావడమూ ఆగుతుంది. ఆమె 100 జీబీ ప్లాన్ తీసుకుంటే ఏడాదికి సుమారు 1,300 రూపాయలు, ఐదేళ్లకు 6,500. ఈలోగా ఫొటోలు పెరిగితే పై ప్లాన్‌కు మారాలి. కట్టడం మానేసి, రెండేళ్లపాటు కోటా మించి ఉంటే నిల్వ ఉన్నవి చెరిపేసే హక్కు తనకుందని గూగుల్ నిబంధనల్లోనే రాసుకుంది.

ఎక్కించడానికయ్యే డేటా ఖర్చు చాలామంది లెక్కలోకే రాదు. రోజుకు 2 జీబీ ప్యాక్ మీద 60 జీబీ ఎక్కాలంటే, మరి దేనికీ డేటా వాడకుండా నెల పడుతుంది. అప్‌లోడ్ వేగం 40 ఎంబీపీఎస్ ఉన్న ఇంటి వైఫై అయితే మూడున్నర గంటల్లోపు పని. కేబుల్‌తో, మధ్యతరగతి ఫోన్లలో ఉండే యూఎస్‌బీ 2 వేగంలోనే, సెకనుకు 30 ఎంబీ చొప్పున అరగంట దాటాక పూర్తవుతుంది. కంప్యూటర్‌లో చోటు ఉంటే ఖర్చు సున్నా. కానీ ఆ కంప్యూటర్ డిస్క్ పాడైతే అంతా పోతుంది కాబట్టి రెండో కాపీకి కొన్ని వేలు పెట్టి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనాలి. ఆ ఖర్చు కలిపి చూస్తే మొదటి కొన్నేళ్లు క్లౌడే చవక, ఆ తర్వాత కేబుల్.

ఈ రెండు దారులనూ కలిపి వాడేవాళ్లకు తగిలే దెబ్బ ఇంకొకటి ఉంది. గూగుల్ ఫొటోస్‌లో ‘Free up space’ నొక్కితే, క్లౌడ్‌కు చేరిన ఫొటోలు ఫోన్ నుంచి తొలగిపోతాయి. ఐఫోన్‌లో ‘Optimize iPhone Storage’ ఆన్‌లో ఉంటే ఫోన్‌లో చిన్న నమూనాలే మిగలవచ్చు. తెర మీద అన్నీ కనిపిస్తూనే ఉంటాయి, కేబుల్ పెడితే మాత్రం DCIM సగం ఖాళీ. అప్పుడు గూగుల్ వాళ్లయితే takeout.google.com నుంచి జిప్ ఫైళ్లుగా దించుకోవాల్సిందే. గూగుల్ ఫొటోలు డ్రైవ్ ఫోల్డర్ ద్వారా కంప్యూటర్‌లోకి వాటంతటవే వచ్చే సదుపాయాన్ని కంపెనీ 2019లోనే తీసేసింది.

డాక్యుమెంట్ల సంగతి ఫొటోల్లాంటిది కాదు. ఆధార్, పాన్, పొలం పాస్‌బుక్, బ్యాంకు స్టేట్‌మెంట్ పరాయి చేతిలో పడితే నష్టం డబ్బు రూపంలోనే ఉండొచ్చు. వీటికి కేబులే మేలు, ఆ కేబుల్ రెండో కొన సొంత కంప్యూటర్‌కు ఉన్నంతవరకే. జిరాక్స్ షాపు కంప్యూటర్‌కు ఫోన్ తగిలించి ‘File transfer’ నొక్కితే ఒక్క ఆధార్ ఫైలే కాదు, ఫోన్‌లోని ఫొటోలన్నీ అక్కడ తెరుచుకుంటాయి. వాట్సాప్‌లో పంపితే ఆ ఒక్క ఫైలే వెళుతుంది, కానీ దాని కాపీ షాపు కంప్యూటర్‌లో ఉండిపోతుంది. ప్రింటు చేతికందాక అక్కడే నిలబడి, డౌన్‌లోడ్స్‌లోనూ రీసైకిల్ బిన్‌లోనూ తుడిపించుకోవాలి. దూరంగా ఉన్న పిల్లలకు అందేలా డాక్యుమెంట్లు క్లౌడ్‌లో ఉండక తప్పనివాళ్లు, ఉచితంగా దొరికే 7-Zip తో పాస్‌వర్డ్ పెట్టి, AES-256 ఎంచుకుని, మూటకట్టాకే ఎక్కించవచ్చు. ఆ పాస్‌వర్డ్ మాత్రం అదే క్లౌడ్‌లో కాకుండా ఇంట్లో కాగితం మీద ఉండాలి.