మాట మారింది, వాక్యం మారలేదు

కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులు దిద్దేవాళ్లకు ఒక రకం తెలుగు బాగా పరిచయం. ప్రతి మాటా అర్థమవుతుంది గానీ వాక్యం ఎవరూ మాట్లాడనిది. ఏదో పుస్తకంలోని పేరాను ముందు పెట్టుకుని, ఒక్కో మాటకూ పర్యాయపదం వెతికి, ‘సొంత మాటల్లో రాశాం’ అనుకున్నప్పుడు పుట్టే భాష అది. దాన్ని కాపీ అంటే పిల్లలు నిజంగానే నొచ్చుకుంటారు. ఒక్క మాట కూడా ఉంచలేదు కదా అంటారు.

ఒక పేరా తీసుకుని చూద్దాం. వ్యవసాయ పుస్తకంలో ఇలా ఉందనుకోండి:

‘తేలిక నేలల్లో వేసిన వేరుశనగకు ఊడలు దిగే దశలో నీటి ఎద్దడి వస్తే దిగుబడి బాగా తగ్గుతుంది. పైమట్టి గట్టిపడటంతో ఊడలు భూమిలోకి దిగలేవు. ఆ సమయంలో ఒక్క తడి ఇవ్వగలిగినా నష్టం చాలావరకు తగ్గుతుంది.’

మాటలు మార్చాక ఇలా తయారవుతుంది:

‘లఘు నేలల్లో నాటిన పల్లీకి వేళ్లు దిగే ఘట్టంలో జలాభావం కలిగితే ఉత్పత్తి అధికంగా క్షీణిస్తుంది. ఉపరితల మృత్తిక కఠినమవడంతో వేళ్లు ధరణిలోకి ప్రవేశించలేవు. ఆ వేళ ఒక్క తేమ అందించగలిగినా హాని మిక్కిలి క్షీణిస్తుంది.’

నవ్వొచ్చే మాటల సంగతి వదిలేద్దాం. నేలకు అమరకోశంలోనే బోలెడు పేర్లున్నాయి, ధరణి అందులో ఒకటి. అసలు చెడింది మూడు చోట్ల. ఊడ అంటే వేరు కాదు. వేరుశనగ పువ్వు ఫలదీకరణ చెందాక దాని అడుగు నుంచి కిందికి సాగే కాడ అది. మట్టిలోకి దిగాక దాని చివరే కాయ ఊరుతుంది. ‘వేళ్లు దిగలేవు’ అనేసరికి, అప్పటికే వేళ్లూనుకుని పూత పూసిన మొక్క కాస్తా మొలక దశకు వెళ్లిపోయింది. ఇక దిగుబడి అంటే ఎకరానికి ఎంత పండిందన్న లెక్క. ఉత్పత్తి అంటే మొత్తం పంట. విస్తీర్ణం పెరిగితే దిగుబడి తగ్గినా ఉత్పత్తి పెరగొచ్చు. మూడోది తడి. రైతు ‘ఒక తడి ఇచ్చాను’ అంటే చేనుకు ఒకసారి నీళ్లు పారించానని. తేమ మట్టిలో ఉండేది, దాన్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టలేం. నిఘంటువులో పక్కపక్కన ఉండే మాటలు పొలంలో పక్కపక్కన ఉండవు.

ఇది తెలుగువాళ్లకే పట్టిన జబ్బు కాదు. గియోం కబనాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే పరిశోధకులు 2021లో ఇంగ్లిష్ సైన్సు పత్రాల్లో ఇలాంటి వింత పదబంధాలను ఏరి చూపించారు. బ్రెస్ట్ క్యాన్సర్ కాస్తా ‘బూజమ్ పెరిల్’ అయింది, అంటే దాదాపు ‘రొమ్ము గండం’. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ ప్రధానంగా ఒకేలా ఉన్న పదాల వరుసలను పోల్చుతుంది. దాని కన్నుగప్పడానికి చేసిన పనే చివరికి దొంగను పట్టించే గుర్తయింది.

సరే, ఊడను ఊడగానే, తడిని తడిగానే ఉంచి మిగతావి మార్చితే చాలా? చాలదు. రెండు పేరాలనూ మళ్లీ చూడండి. మూడు వాక్యాలకు మూడు వాక్యాలు. ముందు ఫలితం, తర్వాత కారణం, ఆపైన మందు. ఆ వరుస మొదటి రచయితది. ఏది ముందు చెప్పాలి, దేన్ని దేనికి ముడిపెట్టాలి అని ఆలోచించింది ఆయన. మాటలు మార్చినవాడు ఆ ఆలోచన జోలికే పోలేదు. అతనికి విషయం అర్థమైందో లేదో ఆ పేరా చూసి మనం చెప్పలేం.

అర్థం చేసుకున్నవాడు పుస్తకం మూసి, ఇందులో దేనివల్ల ఏం జరుగుతోందని తనను తాను అడుగుతాడు. జవాబును తన వరుసలో రాసుకుంటాడు:

‘ఊడలు మట్టిలోకి దిగే రోజుల్లో నీరు అందకపోతే తేలిక నేలల్లో పైపొర బిగుసుకుపోయి అవి బయటే ఆగిపోతాయి. వేరుశనగ దిగుబడి బాగా పడిపోవడానికి కారణం ఇదేనని, అప్పుడు ఒకే ఒక్క తడి పెట్టినా నష్టం చాలావరకు తప్పుతుందని ఫలానా రచయిత చెబుతారు.’

ఊడ, తడి, దిగుబడి, తేలిక నేల అలాగే ఉన్నాయి. వాటికి మరో పేరు లేదు కాబట్టి ఉండాలి కూడా. కారణం ముందుకొచ్చింది, మూడు వాక్యాలు రెండయ్యాయి. రచయిత పేరు మాత్రం తప్పలేదు, ఎందుకంటే మాటలు మనవైనా సంగతి ఆయనదే.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. పుస్తకం మూసి రాస్తే వాక్యం సాఫీగా వస్తుంది గానీ చిన్న మాటలు జారిపోతాయి. ‘తేలిక నేలల్లో’ అన్నది ఎగిరిపోతే నల్లరేగడి రైతుకూ అదే సలహా వెళ్తుంది. ‘చాలావరకు’ బదులు ‘పూర్తిగా’ పడితే రచయిత అననిది ఆయన నోట పెట్టినట్టు. అందుకే రాయడం అయ్యాక పుస్తకం మళ్లీ తెరవాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్న మాటలను ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. చట్టంలోని సెక్షన్ లాంటివాటి జోలికి మాత్రం ఇలా పోకూడదు. అక్కడ ప్రతి మాటకూ విలువ ఉంటుంది కాబట్టి కొటేషన్ గుర్తులు పెట్టి ఉన్నదున్నట్టు ఎత్తి రాయడమే సరైన పద్ధతి.